ఇంటికి పంపే ముందు రాసే ఉత్తరం

క్యాన్సర్ ఆస్పత్రుల డిశ్చార్జి కాగితాల్లో చివరి పేజీ అడుగున రెండు వాక్యాలు తరచూ కనిపిస్తాయి. ‘పేషెంటు పరిస్థితి అటెండర్లకు వివరించడమైనది. పాలియేటివ్ కేర్‌కు రెఫర్ చేయడమైనది.’ దాని కింద ఒక సంతకం, ఒక రబ్బరు స్టాంపు. మర్నాడో, వారం తర్వాతో ఆ కాగితం పట్టుకుని ఒక నర్సు ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడుతుంది. లోపల మంచం మీదున్న మనిషికి తన జబ్బు పేరు తెలుసో లేదో ఆమెకు తెలియదు. కొడుకు వాకిట్లోనే ఎదురొచ్చి ‘మేడమ్, అమ్మ ముందు ఆ మాట అనొద్దు’ అంటాడు. ఏ మాటో అతను చెప్పడు. ఆస్పత్రిలో అటెండర్లకు వివరించింది ఏమిటో, ఆ అటెండర్లలో ఇతను ఉన్నాడో లేడో కాగితంలో లేదు.

పాలియేటివ్ కేర్ అంటే నయం కాని జబ్బుతో ఉన్నవారికి నొప్పి, ఆయాసం, వాంతులు, పుళ్ల వాసన వంటి బాధలు తగ్గించే వైద్యం. రోగితోపాటు ఇంటివాళ్లకూ ఆసరాగా ఉండడం అందులో భాగమే. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి, ఇంటికే వచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు కూడా ఈ పని చేస్తున్నాయి. ఏడాదో రెండేళ్లో వైద్యం చేసిన డాక్టరు తన రోగిని ముక్కూ మొహం తెలియని ఈ బృందానికి అప్పగిస్తూ రాసేదే రెఫరల్ లెటర్. స్కాన్ రిపోర్టులు, రక్తపరీక్షలు ఎలాగూ ఫైల్లో ఉంటాయి. ఎంత కాలం మిగిలి ఉందని డాక్టరు అనుకుంటున్నాడు, రోగికి ఏం కావాలి, ఇంట్లో ఎవరికి ఎంత తెలుసు అనే మూడూ ఫైల్లో ఎక్కడా దొరకవు. ఉత్తరంలో రాస్తేనే ఉంటాయి.

ఒక రోగిని ఊహించుకుందాం. ఇలాంటివాళ్లు ప్రతి క్యాన్సర్ వార్డులోనూ కనిపిస్తారు కాబట్టి ఊహించడం కష్టం కాదు. నల్గొండ జిల్లా పల్లె. యాభై ఆరేళ్ల మనిషి, నిన్నమొన్నటిదాకా పత్తి ఏరడానికి కూలికి వెళ్లిన మనిషి. రెండేళ్ల కిందట గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బయటపడింది. అయిదు వారాలు రేడియేషన్, వారానికో కీమో ఇంజెక్షన్ ఇచ్చారు. ఊళ్లో అందరూ ‘కరెంటు పెట్టించుకొచ్చింది’ అన్నారు. ఏడాది దాటాక అదే చోట గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి అది కిడ్నీల నుంచి మూత్రం కిందికి దిగే రెండు గొట్టాలనూ నొక్కేసింది. రక్తంలో క్రియాటినిన్ ఒకటి దాటితేనే డాక్టర్లు కనుబొమలు ముడేస్తారు. ఆమెకది రెండు వారాల కిందట 1.8 ఉంది, ఇప్పుడు 4.2. ఎడమ కాలంతా మంట, కాళ్ల వాపు, అప్పుడప్పుడు రక్తస్రావం. అన్నం సయించదు. పగలు సగానికి పైగా మంచంలోనే. రేడియేషన్ మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు, ఈ కిడ్నీలతో కీమో తట్టుకోలేదు.

ఆమెను పాత పద్ధతిలో రెండు వాక్యాల చీటీతో పంపితే ఏమవుతుందో చూడండి. చీటీలో ‘సర్విక్స్ క్యాన్సర్, తిరగబెట్టింది, నొప్పి ఉంది’ అని ఉంటుంది. క్రియాటినిన్ విషయం ఉండదు. జిల్లా కేంద్రంలో డాక్టరు నొప్పికి మామూలు మోతాదులో, నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర మొదలుపెడతారు. క్యాన్సర్ నొప్పికి అది మంచి మందే. కానీ శరీరంలో మార్ఫిన్ విరిగాక మిగిలే పదార్థాలను బయటికి పంపాల్సింది కిడ్నీలు. అవి పనిచేయకపోతే ఆ పదార్థాలు పేరుకుంటాయి. రెండు మూడు రోజుల్లో మనిషి మగతలోకి జారుతుంది, చేతులు కాళ్లు ఉలిక్కిపడ్డట్టు కొట్టుకుంటాయి, ఊపిరి నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్లు ‘మత్తుమందు పెట్టి పడుకోబెట్టిన్రు’ అంటారు. అన్నందుకు వాళ్లను తప్పుపట్టలేం. పైగా ఆ మందు లేకపోయినా కిడ్నీల వల్ల మగత వచ్చి తీరేదే, కాకపోతే ఇంకొన్నాళ్లకు. ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. మందు వల్ల వచ్చిన మగతకూ జబ్బు వల్ల వచ్చే మగతకూ తేడా చెప్పాలంటే, జబ్బు ఎటు పోతోందో ఉత్తరంలో ముందే ఉండాలి. అంటే ఒక అంకె, ఒక అంచనా, ఇంటివాళ్లతో ఒక సంభాషణ. మూడూ కలిసి ఉంటేనే నర్సు ఆ ఇంట్లో ఏదైనా చేయగలదు.

ముందు అంచనా సంగతి. ఎన్నాళ్లుంటారని అడిగితే డాక్టర్లు తప్పించుకుంటారని అందరికీ తెలుసు. తప్పించుకోని డాక్టర్లు కూడా సాధారణంగా పొరబడతారు, అదీ ఒకే వైపుకు. అమెరికాలో షికాగో ప్రాంతపు హాస్పీసుల్లో చేరిన 468 మంది గురించి వాళ్ల డాక్టర్లను ఎన్నాళ్లు బతుకుతారని అడిగి, తర్వాత ఏమైందో చూసిన ఒక అధ్యయనం 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నికొలస్ క్రిస్టాకిస్, ఎలిజబెత్ లామంట్ అనే ఇద్దరు చేశారు. ఇరవై శాతం అంచనాలు మాత్రమే సరిపోయాయి. అరవైమూడు శాతం మంది విషయంలో డాక్టర్లు చెప్పిన కాలం నిజంగా మిగిలిన కాలం కన్నా ఎక్కువ. రోగితో పరిచయం ఎంత పాతదైతే అంచనా అంతగా గురి తప్పిందన్నది అందులో నన్ను ఆపేసిన మాట. రెండేళ్లుగా చూస్తున్న మనిషి గురించి ‘వారాలే’ అని రాయడానికి ఎవరికైనా చెయ్యి రాదు కదా. కాబట్టి రెఫరల్ రాసే డాక్టరు తన అంచనాను రాసే ముందు, ఆ రోగిని ఎక్కువగా ఎరగని తోటి డాక్టర్ని ఒకసారి అడగడం మంచిది.

అంచనాను అంకెతో కాకుండా అంగలతో రాయాలి. గంటల నుంచి రోజులు, రోజుల నుంచి వారాలు, వారాల నుంచి నెలలు, నెలల నుంచి ఏడాది. ‘45 రోజులు’ అని రాస్తే ఇంటివాళ్లు క్యాలెండరులో గీత గీసుకుంటారు. నలభయ్యారో రోజున ఆమె కాఫీ అడిగితే డాక్టర్లకేమీ తెలియదంటారు. పదో రోజున పోతే ఎవరో ఏదో తప్పు చేశారంటారు. ఏ అంగలో ఉన్నామో తెలుసుకోవడానికి పాలియేటివ్ వైద్యులు వాడే మోటు పద్ధతి ఒకటుంది. మనిషిలో మార్పు ఎంత వేగంగా వస్తోందో చూడడం. నెలనెలకూ తగ్గుతూ వస్తుంటే మిగిలింది నెలలు. వారం వారం తేడా కనిపిస్తుంటే వారాలు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంటే రోజులు. మన రోగి సంక్రాంతికి ముగ్గు పక్కన కూర్చుని కోడళ్లకు చెప్పింది. ఇప్పుడు మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. క్రియాటినిన్ పరుగు దీనికి తోడు. ఆమెవి వారాలు.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. వీపులోంచి సూదితో కిడ్నీలోకి సన్నటి గొట్టం వేసి మూత్రాన్ని బయటి సంచిలోకి మళ్లించవచ్చు. డాక్టర్లు పి.సి.ఎన్. అంటారు. అది వేస్తే కిడ్నీలు కొంత కోలుకుంటాయి, ఆమెకు కొన్ని నెలలు దొరకవచ్చు. అయితే గడ్డ అక్కడే ఉంటుంది. కాలి మంట, రక్తస్రావం, వాసన అన్నీ ఉంటాయి, పెరుగుతాయి. గొట్టాన్ని మూడు నెలలకోసారి మార్చాలి, మధ్యలో జారితే, మూసుకుపోతే, చీము పడితే మళ్లీ ఆస్పత్రి. వేయకపోతే మూత్రం తగ్గి, వాంతులు, ఎక్కిళ్లు, దురద వచ్చి, మగత పెరిగి ఆమె నిద్రలోకి వెళ్లిపోతుంది. ఆ వాంతులనూ దురదనూ మందులతో చాలామటుకు అదుపులో పెట్టవచ్చు. అంటే ఈ మనిషికి మిగిలిన కాలం ఆమె నిర్ణయం మీద కూడా ఆధారపడి ఉంది. ‘ప్రాగ్నోసిస్ పూర్’ అని రెండు ముక్కలు రాస్తే ఇదంతా మాయమైపోతుంది. గొట్టం వేస్తే ఇలా, వేయకపోతే ఇలా అని రెండు దార్లూ రాసి, ఆమె ఏది ఎంచుకుందో రాయాలి.

ఎంచుకోవాలంటే ఆమెకు తెలియాలి. అసలు ఇబ్బంది అక్కడే.

వార్డు బయట వరండాలో పెద్దకొడుకు డాక్టర్ని ఆపి, ‘అమ్మకు చెప్పొద్దు సార్, తెలిస్తే ఆగమైతది’ అన్నాడనుకోండి. మన దగ్గర ఇది రోజూ జరిగేదే. ఆ కొడుకు మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆ మాటలో ప్రేమ ఎంత ఉందో భయమూ అంత ఉంది. చెప్పి తీరాలని అతనితో వాదించడం వల్ల ఏమీ ఒరగదు, సరేనని అబద్ధంలో భాగస్వామి కావడం వల్ల ఇంకా నష్టం. ఇలాంటప్పుడు తెలిసిన డాక్టరు, ‘మీరనుకునేది అమ్మకు ఏమీ తెలియదని. తెలుసో లేదో ఆమెనే అడుగుతాను. ఆమె అడగంది నేను చెప్పను. అడిగితే అబద్ధం చెప్పను. మీరూ పక్కనే ఉండండి’ అంటారు. చాలామంది కొడుకులు దీనికి ఒప్పుకుంటారు.

మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ‘అమ్మా, మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?’ అని అడిగి, డాక్టరు నోరు మూసుకోవాలి. కష్టమైన భాగం అదే. మన రోగి కాసేపు గోడకేసి చూసి, ‘కరెంటు పెట్టినంక తగ్గింది గని మల్లొచ్చింది గద సారూ. మా తోటికోడలికి గిట్లనే అయింది. నాకు ఎర్కే’ అంది. కొడుకు తల వంచుకున్నాడు. ఆమె ఇన్నాళ్లూ కొడుకు భయపడతాడని ఊరుకుంది. కొడుకు ఆమె భయపడుతుందని ఊరుకున్నాడు. తెలుగిళ్లలో ఇలా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నటించడం ఎంత మామూలంటే, రోగికి ఏమీ తెలియదని ఇంటివాళ్లు చెప్పినప్పుడు అనుమానించడమే నయం.

ఆ తర్వాత గొట్టం సంగతి. డాక్టరు రెండు దార్లూ చెప్పాక ఆమె అడిగింది ఒక్కటే. ‘గొట్టమేస్తే మల్ల పత్తి చేన్లకు పోతనా?’ పోలేవమ్మా అన్నారు. ‘మరెందుకు సారూ. గొట్టాలొద్దు. ఇంటికి వోత. మా మనుమరాలి ఓణీల ఫంక్షన్ చూస్తే సాలు.’ ఫంక్షన్ ఎప్పుడంటే, ఈ నెల 27న. ఇవాళ 3. ఇరవైనాలుగు రోజులు.

చాలా ఉత్తరాలు ‘రోగి ఇంటికి వెళ్లాలని కోరుకుంటున్నారు’ అన్న వాక్యంతో ముగిసిపోతాయి. కోరిక రాయడమంటే డాక్టర్లు ఎంతసేపూ వెంటిలేటర్ పెట్టాలా వద్దా, గుండె ఆగితే ఛాతీ నొక్కాలా వద్దా అనే అనుకుంటారు. అవీ రాయాలి. కానీ మనుషులు అడిగేవి ఎక్కువగా ఫంక్షన్లు, పంటలు, కలవాల్సిన తమ్ముళ్లు, తీర్చాల్సిన చేబదుళ్లు. ఇక్కడ ఆ కోరికకూ డాక్టరు అంచనాకూ పొత్తు కుదరడం లేదు. ఇరవైనాలుగో రోజుకు ఆమె మెలకువగా ఉంటుందన్న నమ్మకం లేదు. ఈ మాట కొడుకుతో అనడమే అంచనా వేసినందుకు దక్కే ఫలం. ‘వారాలే అనుకుంటున్నాను. అందులోనూ చివరి వారం మగతలోనే ఉండొచ్చు. ఫంక్షన్ ముందుకు జరుపుకోగలరా?’ అంటే, పంతులును అడిగి 12వ తారీఖుకు మార్చుకున్నారు. ఎన్నాళ్లో చెప్పలేమని దాటవేసి ఉంటే ముహూర్తం 27నే ఉండేది.

చట్టం సంగతి కూడా ఒక్క ముక్క. ప్రాణాన్ని పొడిగించే చికిత్స తనకు వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. కానీ ఆ పత్రం వేరు, ఈ ఉత్తరం వేరు. సొంత ఆలోచనతో, తెలివిలో ఉన్న రోగి ఈ చికిత్స నాకొద్దు అంటే దానికి పత్రం ఉండనక్కర్లేదు. ఉత్తరంలో ఆ మాట ఎప్పుడు, ఎవరి ముందు అన్నదీ ఉంటే చాలు. మాట తెలివిలో ఉన్నప్పుడే అన్నదని రాయడం మరవకూడదు, ఎందుకంటే రెండు వారాల తర్వాత ఆమె మగతలో ఉన్నప్పుడు సూర్యాపేట నుంచి దిగిన మేనమామ ‘గొట్టం ఎందుకు వెయ్యలేదు?’ అని అడుగుతాడు.

మూడోది, ఇంట్లో ఎవరికి ఎంత తెలుసన్నది. ‘కుటుంబ సభ్యులకు తెలుసు’ అని రాయడం వల్ల ఉపయోగం తక్కువ. కుటుంబం ఒక మనిషి కాదు కదా. మన ఇంట్లో భర్త, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. హైదరాబాద్‌లో ఆటో నడిపే పెద్దకొడుకే ఆస్పత్రి పనులన్నీ చూశాడు. పల్లెలో సేద్యం చేసే చిన్నకొడుకు దగ్గరే ఆమె ఉండబోతోంది. కానీ అతను ఆస్పత్రికి వచ్చింది ఒక్కసారే. డాక్టరు అతనితో ఫోన్లో మాట్లాడి, ‘మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అని అడిగారు. వివరించాను అనుకోవడానికీ అర్థమైందని తెలుసుకోవడానికీ మధ్య ఉన్న దూరమంతా ఆ ప్రశ్నలోనే తేలుతుంది. చిన్నకొడుకు చెప్పింది ఇది: ‘కిడ్నీలకు జరంత మందులేసి, బలమొచ్చినంక మల్ల కరెంటు పెడ్తరంట గద.’ అంటే అన్న అతనికి నిజం చెప్పలేదు, లేదా చెప్పినా అతని చెవికి ఎక్కలేదు. ఏదైనా రేపు నర్సు వెళ్లేది అతని గడపకే. ఆ వాక్యాన్ని అతని మాటల్లోనే ఉత్తరంలో రాస్తే నర్సు ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలుస్తుంది. ఉత్తరం ఇంగ్లీషులో రాస్తున్నా ఇలాంటి మాటల్ని తెలుగులోనే ఉంచాలన్నది నా అభిప్రాయం. ‘కొడుకుకు వాస్తవిక దృష్టి లేదు’ అని ఇంగ్లీషులోకి మార్చి రాస్తే అతను అమాయకంగా పెట్టుకున్న ఆశ కాస్తా నేరంలా కనిపిస్తుంది.

ఇంతకీ ఉత్తరం ఎంత పొడవు? ఒక పేజీ దాటకూడదు. ఆస్పత్రుల్లో ఇంగ్లీషులోనే రాస్తారు కానీ, మన రోగికి ఇలా ఉండవచ్చు.

‘ఫిబ్రవరి 3. జిల్లా పాలియేటివ్ కేర్ డాక్టరుగారికి. ఈమెను రెండు రోజుల్లోపు ఇంటి దగ్గర చూడమని కోరుతున్నాను. కారణం: ఎడమ కాలి నరాల నొప్పి అదుపులో లేదు, కిడ్నీలు వేగంగా చెడుతున్నాయి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, రెండేళ్ల కిందట కీమోతో రేడియేషన్ పూర్తయింది. అదే చోట తిరగబెట్టి రెండు మూత్రనాళాలూ మూసుకున్నాయి. క్రియాటినిన్ జనవరి 20న 1.8, ఇవాళ 4.2. క్యాన్సర్‌కు ఇక చికిత్స లేదని మా వైద్య బృందం కలిసి నిర్ణయించింది. కిడ్నీల వల్ల మార్ఫిన్ విషయంలో జాగ్రత్త అవసరం. మేం ఇప్పుడిస్తున్న మందులు, మోతాదులు వెనకవైపు ఉన్నాయి. డైక్లోఫినాక్ ఇంజెక్షన్ వద్దని చెప్పాం. ఊళ్లో ఆర్.ఎం.పి. రెండుసార్లు ఇచ్చారట.

అంచనా: వారాలు. నెల దాటుతుందని అనుకోవడం లేదు. వారం వారం స్పష్టంగా తగ్గుతున్నారు, క్రియాటినిన్ పెరుగుదల దీనికి ఆధారం. పెద్ద రక్తస్రావమో జ్వరమో వస్తే ఇంకా ముందే కావచ్చు. మూత్రం కొంత దిగుతూ ఉంటే కొన్నాళ్లు ఎక్కువా కావచ్చు. చివరి వారంలో మగత వస్తుందనుకుంటున్నాం. అది జబ్బు వల్ల వచ్చేదని పెద్దకొడుక్కి చెప్పాం, మిగతావాళ్లకు చెప్పలేదు.

ఆమెకు తెలిసింది: జబ్బు తిరగబెట్టిందని, తగ్గదని తెలుసు. ఎన్నాళ్లని అడగలేదు, మేం చెప్పలేదు. క్యాన్సర్ అన్న మాట ఆమె వాడరు, ‘మల్లొచ్చింది’ అంటారు.

ఆమె కోరిక: పి.సి.ఎన్. వేస్తే, వేయకపోతే ఏమవుతుందో ఇవాళ పెద్దకొడుకు ఎదుట వివరించాం. పూర్తి తెలివితో ఉన్నారు. ‘గొట్టాలొద్దు. ఇంటికి వోత’ అన్నారు. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఈ నెల 12కు మార్చారు, ఆ రోజు మెలకువగా, నొప్పి లేకుండా కూర్చోవాలన్నది ముఖ్యం. మళ్లీ ఆస్పత్రిలో చేర్చడం గురించి, గుండె ఆగితే ఏం చేయాలన్న దాని గురించి ఇంకా మాట్లాడలేదు.

ఇంటివాళ్లు: పెద్దకొడుక్కి అంతా తెలుసు, మొదట తల్లికి చెప్పొద్దన్నాడు, ఇప్పుడు ఒప్పుకున్నాడు. చూసుకునేది చిన్నకొడుకు, కోడలు. చిన్నకొడుకు ‘బలమొచ్చినంక మల్ల కరెంటు పెడ్తరు’ అనుకుంటున్నాడు. ఇక రేడియేషన్ లేదని ఫోన్లో చెప్పాను, ఎంతవరకు తీసుకున్నాడో తెలియదు. భర్తతో, కూతురితో మేం మాట్లాడలేదు. పెద్ద రక్తస్రావం రావచ్చని పెద్దకొడుక్కి చెప్పి, ముదురు రంగు దుప్పట్లు దగ్గర పెట్టుకోమన్నాం. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు ఇంకా తెలియదు. దయచేసి మీ నంబరు ఇవ్వండి. నా నంబరు కింద ఉంది.’

ఇందులో ‘చెప్పలేదు’, ‘మాట్లాడలేదు’ ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. మంచి ఉత్తరానికి అదే గుర్తంటాను. చేసిన పనుల జాబితా ఎవరైనా రాస్తారు. చేయకుండా మిగిలినవాటిని ఒప్పుకుని రాస్తేనే అవతలి డాక్టరు అక్కడి నుంచి అందుకోగలరు. గుండె ఆగితే ఏం చేయాలన్నది మాట్లాడలేదని రాయకపోతే, మాట్లాడేసి ఉంటారని జిల్లా డాక్టరు అనుకుంటారు. అర్ధరాత్రి 108 వచ్చి, ఆమెను మళ్లీ ఏదో ఐసీయూకు చేర్చేదాకా ఆ ఖాళీ బయటపడదు.

దుప్పట్ల ముదురు రంగు చిన్న విషయంలా కనిపిస్తుంది. తెల్లటి దుప్పటి మీద రక్తం ఉన్నదానికి రెండింతలు కనిపిస్తుంది. మెరూన్ రంగు దాని మీద అంతగా కనిపించదు, ఇంటివాళ్లు హడలిపోకుండా పక్కన కూర్చోగలుగుతారు. ఇది ముందే తెలిస్తే కోడలు పెట్టెలోంచి పాత దుప్పటి తీసి పెట్టుకుంటుంది, అప్పటికప్పుడు తెలిస్తే తెల్ల తువ్వాలే చేతికొస్తుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. మన దేశంలో ఈ ఉత్తరం తీసుకెళ్లేది సాధారణంగా ఇంటివాళ్లే. బస్సులో కూర్చుని ఇంగ్లీషు వచ్చిన మనవడితో చదివించుకుంటారు. కొన్నిసార్లు రోగే అడిగి చదివించుకుంటారు. ‘వారాలు’ అన్న మాట ఆమె మొదటిసారి మనవడి నోట వినకూడదు. అందుకని కొందరు డాక్టర్లు అంచనా రాయడమే మానేస్తారు. నాకది సరైన మందు అనిపించదు. రోగికి చెప్పని సంగతులుంటే వాటిని కాగితంలో పెట్టకుండా అవతలి డాక్టరుకు ఫోన్ చేసి చెప్పి, ‘ఫోన్లో మాట్లాడాం’ అని ఉత్తరంలో ఒక్క ముక్క రాయడం మేలు. ఎన్నాళ్లని ఆమె అడగలేదు, కనుక మన ఉత్తరంలోని అంచనా పేరా నిజానికి ఫోన్లో వెళ్లాల్సిందే. కిడ్నీల అంకెలు, మందులు, ఆమె కోరిక, ఇంట్లో ఎవరున్నారన్నది కాగితంలో ఉంటే ఇబ్బంది లేదు. చిన్నకొడుకు గురించిన వాక్యం కూడా అతను చదివినా నొచ్చుకోకుండా ఉండాలి, అందుకే అతని మాటలనే ఉంచి తీర్పు చెప్పకుండా వదిలేశాం.

ఇంకో సంగతి, ఇలాంటి ఉత్తరానికి ఆయుష్షు తక్కువ. వారాల్లో కొలిచే రోగి విషయంలో పది రోజుల పాత ఉత్తరం పాత స్కాన్‌తో సమానం. ఉత్తరం మీద తేదీ లేకపోతే అది తాజాదో కాదో చెప్పలేం. జిల్లా బృందం మొదటిసారి చూశాక తానే కొత్తగా ఒక పేజీ రాసుకోవాలి.

డిశ్చార్జి రోజు ఇంటివాళ్లు డాక్టర్ని అడగగలిగినవి కొన్నున్నాయి. ఇంటికి వెళ్లాక ఏం మార్పులు వస్తాయి, వాటిలో దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు? మా అమ్మ ఏమందో ఈ కాగితంలో రాశారా? ఇంట్లో ఎవరికి ఏం తెలుసో రాశారా? రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి? హడావుడిలో ఉన్న జూనియర్ డాక్టరు మొదట చిరాకు పడొచ్చు. నాలుగో ప్రశ్నకు జవాబు రాయకుండా మాత్రం ఆ వార్డు నుంచి కదలొద్దు. మిగతావి పాలియేటివ్ బృందం వచ్చి అడిగి తెలుసుకోగలుగుతుంది, ఆ రాత్రి ఆ నంబరు లేకపోతే ఆ బృందం వచ్చే అవకాశమే ఉండదు.

డాక్టర్ల వైపు జరగాల్సినది మరొకటుంది, మన దగ్గర దాదాపు జరగనిది. రోగి పోయాక జిల్లా బృందం పంపిన డాక్టరుకు మూడు ముక్కలు జవాబు రాయడం. ఏ రోజు, ఎక్కడ, ఎలా. మన రోగి విషయంలో అది ఇలా ఉండవచ్చు: ‘ఫంక్షన్‌లో కుర్చీలో రెండు గంటలు కూర్చున్నారు. 17న మగత మొదలైంది, 21న ఇంట్లోనే పోయారు. చిన్నకొడుకును ఒప్పించడానికి నాలుగుసార్లు కూర్చోవాల్సి వచ్చింది.’ వారాలు అని రాసిన డాక్టరు అప్పుడు తన అంచనాను తేదీతో సరిపోల్చుకోవచ్చు. ఫోన్లో ఒకసారి చెప్పడం చిన్నకొడుకుకు సరిపోలేదని కూడా తెలుసుకుని, వచ్చే రోగి ఇంట్లో మనిషిని చూసుకోబోయేవాళ్లను డిశ్చార్జికి ముందే ఒకసారి వార్డుకు పిలిపించవచ్చు.